శుక్రవారం బస్సు ఛార్జీ 3.70 మాత్రమే ఎందుకు పడింది? రోజు క్యాప్, వారం క్యాప్ లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

కిటికీసీటు
లండన్‌లో మేమిద్దరం బస్సుల మీదే తిరుగుతాం, ట్యూబ్ ఎక్కడం చాలా అరుదు. రోజుకు మూడు బస్సులు: పొద్దున ఆఫీసుకి, సాయంత్రం అక్కడినుంచి క్లాసుకి, రాత్రి ఇంటికి. శని, ఆదివారాలు రెండేసి. నేను బ్యాంకు కార్డే ట్యాప్ చేస్తాను. పోయిన వారం స్టేట్‌మెంట్ చూస్తే సోమవారం నుంచి గురువారం దాకా రోజూ 5.25 పౌండ్లు, శుక్రవారం 3.70, శని ఆదివారాలు అసలేమీ లేదు. మొత్తం 24.70.

మా ఆవిడ నాతోనే అవే బస్సులు ఎక్కింది. తనకు మొత్తం 33.25 పడింది. ఖాతా కూడా ఇద్దరిదీ ఒకటే. నేను టికెట్ ఎగ్గొడుతున్నానని ఇంట్లో అనుమానం మొదలైంది. ఇద్దరిలో ఎవరి లెక్క తప్పు?

సందేహాలరావు
క్యాప్ అంటే రోజుకు ఇన్ని బస్సులే ఎక్కాలని పరిమితి కదా? మరి శని ఆదివారాలు మిమ్మల్ని ఎలా ఎక్కనిచ్చారు?

నాలుగోజోన్
ఎక్కడానికి పరిమితి కాదండీ, డబ్బు తీసుకోవడానికి పరిమితి. అంత వసూలయ్యాక ఆ రోజు ఎన్నిసార్లు ఎక్కినా ఫ్రీ.

కిటికీసీటు గారూ, మీ ఆవిడగారు ఆయిస్టర్ కార్డు, అదే ముందే డబ్బు వేసుకుని వాడే లండన్ ప్రయాణాల కార్డు, వాడుతున్నట్టున్నారు. ఆయిస్టర్‌కి రోజు క్యాప్ ఒక్కటే ఉంటుంది, వారం క్యాప్ ఉండదు. బ్యాంకు కార్డుకి రెండూ ఉంటాయి. తేడా అదే.

పెన్సులపద్దు
నాలుగోజోన్ చెప్పింది ఒకప్పటి మాట. ఆయిస్టర్‌లో రోజు క్యాప్ 2005లో వచ్చింది. బ్యాంకు కార్డులు ట్యూబులో 2014 సెప్టెంబరు నుంచి తీసుకున్నారు, సోమవారం నుంచి ఆదివారం లెక్కన వారం క్యాప్ వాటితోనే వచ్చింది. అప్పట్లో ఆయిస్టర్ వాడేవాళ్ళకి అది నిజంగానే నష్టం. కానీ 2021 సెప్టెంబరు నుంచి పెద్దవాళ్ళ మామూలు ఆయిస్టర్‌కి కూడా వారం క్యాప్ ఇచ్చారు.

కిటికీసీటు గారి లెక్క చూద్దాం. బస్సు టికెట్ 1.75. రోజు క్యాప్ 5.25, అంటే సరిగ్గా మూడు టికెట్లు. వారం క్యాప్ 24.70. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులు రోజు క్యాప్‌కి చేరారు, 21 పౌండ్లు అయింది. శుక్రవారం మొదటి బస్సుతో 22.75, రెండో బస్సుతో 24.50. వారం క్యాప్‌కి ఇంకా 20 పెన్స్ మాత్రమే ఉంది కాబట్టి మూడో బస్సుకి ఆ 20 పెన్సే తీసుకున్నారు. 1.75, 1.75, 0.20 కలిపితే మీ 3.70. ఆ తర్వాత ఆదివారం దాకా ఫ్రీ. మీ లెక్కలో తప్పేమీ లేదు, మీరు ఎగ్గొట్టిందీ లేదు.

ఇక మీ ఆవిడగారి విషయం. ఒక్కటి అడగండి: ఆవిడ ప్రతిసారీ ఒకే వస్తువు ట్యాప్ చేస్తున్నారా?

కిటికీసీటు
అడిగాను. పొద్దున ఫోన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఫోన్‌తో ట్యాప్ చేస్తుందట. సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోతుంది, అప్పుడు పర్సులోని కార్డు. శని ఆదివారాలూ కార్డే. కానీ ఫోన్‌లో ఉన్నదీ అదే కార్డు కదా?

నాలుగోజోన్
అవును, అదే కార్డు, అదే ఖాతా. డబ్బు పోయేది ఒకచోటినుంచే కాబట్టి రెండూ కలిపే లెక్కపెడతారు. కారణం ఇంకేదో అయ్యుంటుంది.

పెన్సులపద్దు
డబ్బు ఒక ఖాతా నుంచే పోతుంది, అంతవరకు నిజం. క్యాప్ లెక్క మాత్రం ఖాతాని బట్టి కాదు, రీడర్‌కి కనిపించిన నంబరుని బట్టి. ఫోన్‌లో కార్డు ఎక్కించగానే ఆ ఫోన్ కోసం విడిగా ఒక నంబరు పుడుతుంది. మీ అసలు కార్డు నంబరు ఫోన్ బయటికి పంపదు. కార్డు దొంగతనాలు తగ్గడానికి చేసిన ఏర్పాటు అది. అందువల్ల రీడర్ దృష్టిలో మీ ఆవిడగారి కార్డు ఒక మనిషి, ఫోన్ ఇంకో మనిషి. వాచీతో కూడా కడితే మూడో మనిషి.

ఇప్పుడు లెక్క వేయండి. ఫోన్‌లో అయిదు రోజులు రోజుకో టికెట్, 8.75. కార్డులో అయిదు రోజులు రోజుకి రెండు, 17.50. శని ఆదివారాలు నాలుగు బస్సులు, ఇంకో 7 పౌండ్లు. కార్డు మొత్తం 24.50. మూడు కలిస్తే 33.25. మీరు చెప్పిన అంకె సరిగ్గా అదే.

ఇందులో చూడాల్సింది ఏమిటంటే, ఆవిడ వారం మొత్తంలో ఒక్కరోజు కూడా ఏ క్యాప్‌కీ చేరలేదు. రోజూ మూడు బస్సులెక్కినా కార్డుకి కనిపించింది రెండే. వారం చివరికి కార్డు 24.50 దగ్గర ఆగింది, క్యాప్‌కి 20 పెన్స్ దూరంలో.

వల్లి_కె
20 పెన్స్ దూరంలో ఆగడం ఎంత ఏడుపో. ఆదివారం సాయంత్రం ఊరికే ఒక బస్సెక్కి దిగమనండి, కనీసం క్యాప్‌కి చేరానన్న తృప్తయినా మిగులుతుంది.

పెన్సులపద్దు
ఆ తృప్తికి 20 పెన్సులు అదనంగా కట్టాలి :)

కిటికీసీటు
చూపించాను. నా మీద అనుమానం పోయింది. ఇప్పుడు "ముందే ఎందుకు చెప్పలేదు" అని కొత్త కేసు నడుస్తోంది.

ఇంకో డౌట్. రెండింటినీ యాప్‌లో ఒకే అకౌంట్ కింద పెడితే అప్పుడైనా కలుపుతారా?

పెన్సులపద్దు
కలపరు. అకౌంట్‌లో రెండూ కనిపిస్తాయి, ప్రయాణాలు పక్కపక్కన చూసుకోవచ్చు. క్యాప్ మాత్రం దేనిది దానికే. ఏదో ఒకటి ఎంచుకుని దాన్నే వాడటం తప్ప మార్గం లేదు.

రెండిటి మధ్య మారితే పోయేది క్యాప్ ఒక్కటే కాదు. మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఇంకో బస్సు లేదా ట్రామ్ ఎక్కితే రెండోదానికి డబ్బు తీసుకోరు. అది కూడా ఒకే కార్డు మీద ట్యాప్ చేస్తేనే పనిచేస్తుంది. ఫోన్‌తో ఎక్కి, బస్సు మారి, కార్డుతో ఎక్కితే రెండు టికెట్లూ పడతాయి. మీ బస్సుల మధ్య గంటకంటే ఎక్కువ గ్యాప్ ఉంది కాబట్టి మీకు దీని ప్రభావం కనపడలేదు.

కంచిగరుడ
అంతా వినడానికి బాగానే ఉంది. అసలు మాట ఎవరూ మాట్లాడట్లేదు. రోజుకి రెండు బస్సులు, వారానికి అయిదు రోజులు ఎక్కే మామూలు ఉద్యోగికి ఈ క్యాప్ వల్ల ఒరిగేది ఏమిటి? పది టికెట్లు, 17.50. రోజు క్యాప్ దగ్గరికీ రాడు, వారం క్యాప్ దగ్గరికీ రాడు. పోస్టర్లు మాత్రం ఎక్కువ తిరిగితే తక్కువ కట్టండి అని ఉంటాయి. ఇంటినుంచి పని చేసేవాళ్ళయితే చెప్పనే అక్కర్లేదు.

పెన్సులపద్దు
కంచిగరుడతో ఈ ఒక్క విషయంలో ఏకీభవిస్తాను. క్యాప్ ఉందా లేదా అన్నది కాదు, అది ఎన్నో ట్యాప్ దగ్గర పడుతుందో చూడాలి. లండన్ బస్సులకి వారం క్యాప్ పదిహేనో టికెట్ దగ్గర పడుతుంది, అది కూడా ఆ పదిహేనోది 20 పెన్స్‌కి. పది టికెట్లవాళ్ళకి ఏమీ రాదు. పదిహేను దాటినవాళ్ళకి, అంటే రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళు, పిల్లల్ని బడిలో దింపి అక్కడినుంచి పనికి వెళ్ళేవాళ్ళు, ఇల్లిల్లూ తిరిగి పనిచేసేవాళ్ళు, వాళ్ళకి వస్తుంది.

వల్లి_కె
మా అక్క అచ్చంగా ఆ కేసే. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూసుకునే పని. ఒక్కో ఇంట్లో గంటన్నర, రెండు గంటలు ఉంటుంది కాబట్టి గంటలోపు ఫ్రీ బస్సు తనకి ఎప్పుడూ దొరకదు. రోజుకి అయిదు, ఆరు బస్సులు. క్యాప్ లేకపోతే ఆరు బస్సులకి 10.50 అయ్యేది, ఇప్పుడు 5.25 దగ్గర ఆగుతుంది. ఆరు రోజులు పనిచేస్తే శుక్రవారం మధ్యాహ్నానికే వారం క్యాప్ అయిపోతుంది, శనివారం మొత్తం ఫ్రీ.

కంచిగరుడ గారూ, మీకు ఒరగకపోతే ఎవరికీ ఒరగనట్టు కాదు.

కంచిగరుడ
మీ అక్కగారు వారం మొదట్లోనే 24.70 పెట్టి ఏడు రోజుల పాస్ కొనుక్కుంటే అంతే కదా అయ్యేది? క్యాప్ కొత్తగా ఇచ్చిందేముంది?

వల్లి_కె
జీతం శుక్రవారం వచ్చేవాళ్ళకి సోమవారం పొద్దున ఒకేసారి పాతిక పౌండ్లు తీయడం అంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు. పైగా వారం మధ్యలో రెండు ఇళ్ళవాళ్ళు రావద్దంటే ఆ పాస్ డబ్బు వృథా. ఎన్ని ఇళ్ళు ఉంటాయో సోమవారం తనకే తెలియదు. క్యాప్‌లో తిరిగినంతే పోతుంది, పాస్ ధర దాటి మాత్రం పోదు.

రాత్రిడ్యూటీ
నాది ఇంకో రకం గొడవ. రాత్రి తొమ్మిదికి బస్సెక్కుతాను, పొద్దున ఏడింటికి తిరిగొస్తాను. రోజు మారిపోతుంది కాబట్టి ఒక డ్యూటీ రెండు రోజుల కింద పడుతుంది. అర్ధరాత్రికే కదా రోజు మారేది?

పెన్సులపద్దు
అర్ధరాత్రికి కాదు. లండన్‌లో క్యాప్ లెక్కకి రోజు తెల్లవారుజాము 4:30కి మొదలై మర్నాడు 4:29కి ముగుస్తుంది. రాత్రి పన్నెండున్నరకి సినిమా చూసి వచ్చినా అది ముందురోజు లెక్కే. మీకు మాత్రం ఇది కలిసిరాదు, ఏడింటి బస్సు కొత్త రోజు కిందికే వస్తుంది.

అయినా వరసగా డ్యూటీలు ఉంటే పెద్ద తేడా రాదు. పొద్దున దిగిన బస్సు, ఆ రాత్రి ఎక్కే బస్సు ఒకే రోజు కింద పడతాయి కదా. మధ్యలో ఏదైనా పనికి బయటికెళ్ళి రెండు బస్సులెక్కితే రోజు క్యాప్ మీకూ వస్తుంది. జాగ్రత్త పడాల్సింది ఆదివారం రాత్రి డ్యూటీకి. వెళ్ళేది పాత వారంలో, వచ్చేది కొత్త వారంలో. ఆదివారం రాత్రి ఫ్రీగా వెళ్ళి, సోమవారం పొద్దున మళ్ళీ 1.75 పడితే కంగారుపడకండి.

రాత్రిడ్యూటీ
ఓహో, అదా సంగతి. అయితే నేను వారంలో నాలుగు రాత్రులే. ఎనిమిది బస్సులు. కంచిగరుడ గారి పార్టీలో చేరిపోతున్నాను.

కంచిగరుడ
రండి రండి, ఖాళీ చాలా ఉంది.

బ్రూక్లిన్_బుజ్జి
మా న్యూయార్క్‌లో పన్నెండో ట్యాప్‌కే అయిపోతుంది. 2026 జనవరి నుంచి టికెట్ 3 డాలర్లు, ఏడు రోజుల క్యాప్ 35. పదకొండు ట్యాపులకి 33, పన్నెండోదానికి 2 డాలర్లే పడుతుంది, ఆ తర్వాత ఫ్రీ. పది ట్యాపుల ఉద్యోగి శనివారం ఎక్కడికైనా వెళ్ళొస్తే చాలు, చేరిపోతాడు. అందుకే ఇక్కడ మామూలు ఆఫీసువాళ్ళకి కూడా ఎంతో కొంత ఉపయోగం. రోజు క్యాప్ మాత్రం మాకు లేదు. ఒక్కరోజులో ఎన్నిసార్లు తిరిగినా ఏడు రోజుల లెక్కే.

ఇంకో తేడా, మాకు సోమవారం గొడవ లేదు. 2022లో మొదలుపెట్టినప్పుడు సోమవారం నుంచి ఆదివారమే ఉండేది. 2023 ఆగస్టులో మార్చారు. ఎప్పుడు మొదటిసారి ట్యాప్ చేస్తే అప్పటినుంచి ఏడు రోజులు.

నాలుగోజోన్
ఇది బాగుంది. మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు గురువారం దిగి తర్వాతి బుధవారం దాకా ఊరంతా తిరిగారు. ఏడు రోజులు తిరిగాం కదా, వారం క్యాప్ వచ్చే ఉంటుందని ధీమాగా ఉన్నాను. రాలేదు.

పెన్సులపద్దు
రాదు. బస్సుల్లోనే తిరిగారనుకుందాం, రోజుకి మూడు. గురువారం నుంచి ఆదివారం దాకా 21, అక్కడితో ఆ వారం అయిపోయింది. సోమవారం మళ్ళీ సున్నా నుంచి మొదలు, బుధవారానికి 15.75. ఒక్కొక్కరికి 36.75. అదే రోజుల్ని సోమవారం నుంచి మొదలుపెడితే 24.70తో పోయేది. అవే బస్సులు, అవే ఏడు రోజులు, 12.05 తేడా.

వారం మధ్యలో దిగే చుట్టాలకి క్యాప్‌ని నమ్ముకోవద్దు. ఆయిస్టర్ మీద ఏడు రోజుల బస్సు పాస్ వేయించండి. దాని ధర కూడా 24.70, ఏ రోజు నుంచయినా మొదలుపెట్టుకోవచ్చు. ఇందాక కంచిగరుడ పాస్ కొనుక్కోవచ్చు కదా అన్నది ఇక్కడ మాత్రం నిజం.

కంచిగరుడ
రెండోసారి ఏకీభవించారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

సందేహాలరావు
మొదటి ట్యాప్ నుంచి ఏడు రోజులు అంత బాగుంటే అందరూ అదే పెట్టొచ్చు కదా? సోమవారం ఎందుకు పట్టుకుని వేలాడటం?

తీరికలేని_తిరుగుబోతు
నేను టికెటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, ఏ ఊరిదో చెప్పను. కారణం ఎక్కువగా పాత కార్డులు. పాత పద్ధతిలో లెక్క కార్డులోనే ఉంటుంది. గేటు దగ్గర రీడర్ కార్డులో రాసి ఉన్నది చదివి, ఛార్జీ తేల్చి, తిరిగి కార్డులో రాసి గేటు తీయాలి, అంతా అర సెకనులోపు. కార్డులో చోటు తక్కువ. వారం మొత్తం చరిత్ర అందులో పట్టదు. రోజు మొత్తం ఎంతయింది అన్న ఒక్క అంకె దాచుకోవడం తేలిక.

బ్యాంకు కార్డులతో పద్ధతి వేరు. రీడర్ ఛార్జీ తేల్చదు. ఫలానా నంబరు, ఫలానా చోట, ఫలానా టైము అని రాసి వెనక్కి పంపుతుంది. ఆ రోజు ముగిశాక వెనకాల సర్వర్‌లో అన్ని ట్యాపులూ వరసలో పెట్టి, తక్కువ పడేలా లెక్కకట్టి, బ్యాంకుకి ఒకే అంకె పంపుతారు. కిటికీసీటు గారి స్టేట్‌మెంట్‌లో మూడు 1.75లు కాకుండా రోజుకి ఒక 5.25 కనిపించింది అందుకే. ఇలాంటి పద్ధతిలో వారం ఎప్పుడు మొదలవ్వాలన్నది సాఫ్ట్‌వేర్‌లో ఒక నిబంధన మాత్రమే. మార్చాలనుకుంటే మార్చొచ్చు.

బ్రూక్లిన్_బుజ్జి
అయితే ఫోన్, కార్డు కలపడం కూడా ఒక నిబంధన మార్చడమేనా?

తీరికలేని_తిరుగుబోతు
అంత తేలిక కాదు. రెండు నంబర్లూ ఒకే మనిషివని సర్వర్‌కి తెలియాలి, భార్యకి ఫోన్ ఇచ్చి భర్త కార్డు వాడితే ఇద్దరి ప్రయాణాలూ ఒకరి క్యాప్ కింద పడతాయి. అది ఆపలేరు. కుదరదని మాత్రం అనను, అకౌంట్‌లో నమోదు చేసుకున్నవాళ్ళకి చేయొచ్చు. చేయాలని ఎవరికైనా ఉందా అన్నదే ప్రశ్న.

పెన్సులపద్దు
ఇద్దరు వాడుకుంటారన్న భయం ఎక్కువ చేసి చెప్తున్నారు. ఒకే టైములో రెండు బస్సుల్లో ట్యాప్ అయితే తెలిసిపోదా?

తీరికలేని_తిరుగుబోతు
ఒకే టైములో అయితే తెలుస్తుంది. పొద్దున ఆయన, మధ్యాహ్నం ఆవిడ అయితే ఎలా తెలుస్తుంది?

కిటికీసీటు
మా ఇంట్లో ఐడియాలు ఇవ్వకండి.

సిడ్నీ_సీను
జనం ఎంత దూరం వెళ్తారో మా ఊరి కథ వినండి. సిడ్నీలో ఓపల్ కార్డుకి మొదట్లో డబ్బు మీద కాకుండా ప్రయాణాల లెక్క మీద పెట్టారు. వారంలో ఎనిమిది ప్రయాణాలకి డబ్బు కడితే మిగిలినవన్నీ ఫ్రీ. ప్రయాణం పొడుగుదా పొట్టిదా అన్న తేడా లేదు. దూరాన్నుంచి వచ్చే ఖరీదైన రైలూ ఒకటే, ఒక స్టాపు దూరమూ ఒకటే.

ఇంకేం, వారం మొదట్లో జనం దగ్గర దగ్గరగా ఉన్న స్టాపుల మధ్య ట్యాప్ చేసుకుంటూ తిరగడం మొదలుపెట్టారు. కొందరు రైలు కూడా ఎక్కకుండా ఒక స్టాపులో ట్యాప్ చేసి పక్క స్టాపుకి పరుగెత్తి మళ్ళీ ట్యాప్ చేసేవాళ్ళు. చవకగా ఎనిమిది పూర్తిచేసుకుని, ఖరీదైన ప్రయాణాలు వారమంతా ఫ్రీగా. వ్యాయామానికి వ్యాయామం. 2016 సెప్టెంబరులో తీసేశారు. ఎనిమిది దాటాక ఫ్రీ కాదు, సగం ధర అన్నారు.

తీరికలేని_తిరుగుబోతు
అందుకే క్యాప్ ట్యాపుల మీద కాకుండా డబ్బు మీద పెట్టాలనేది. 24.70 కట్టినవాడికే ఫ్రీ అంటే ఉత్తుత్తి ట్యాపులు చేసి లాభం లేదు, ప్రతి ట్యాపుకీ డబ్బు పోతుంది కదా.

బ్రూక్లిన్_బుజ్జి
మావాళ్ళు పన్నెండు ట్యాపులు అని ప్రచారం చేసినా ఇక్కడ టికెట్ ఎంత దూరమైనా ఒకటే కాబట్టి ఆ మోసం కుదరదు. దూరాన్ని బట్టి ఛార్జీ మారే ఊళ్ళలోనే ఆ చిక్కు.

మాకున్న బాధ వేరు. 30 రోజుల పాస్ తీసేశారు. 2025 చివరిదాకా 132 డాలర్లు ఉండేది. ఇప్పుడు రోజూ తిరిగేవాడు వారానికి 35 చొప్పున కడితే 30 రోజులకి 150 అవుతుంది. ఎక్కువ తిరిగేవాళ్ళకి క్యాప్ మేలు అంటారు గానీ, అందరికంటే ఎక్కువ తిరిగే మాలాంటివాళ్ళకే పెరిగింది.

వల్లి_కె
నెలంతా మానకుండా తిరిగేవాళ్ళకే కదా అలా పెరిగేది. ఒక వారం సెలవు పెడితే?

బ్రూక్లిన్_బుజ్జి
ఒక వారం పూర్తిగా మానేస్తే 115 దాకా వస్తుంది, అప్పుడు క్యాపే నయం. నాకు అన్ని సెలవులు ఎవరిస్తారు?

నాలుగోజోన్
బస్సుల సంగతి సరే. గేటు ఉన్న స్టేషన్లలో దిగేటప్పుడు ట్యాప్ చేయడం మర్చిపోతే? గరిష్ఠ ఛార్జీ వేస్తారు కదా, అది క్యాప్‌లోకి పోతుంది కాబట్టి చివరికి నష్టం లేదని మా ఫ్రెండ్ అంటాడు.

పెన్సులపద్దు
మీ ఫ్రెండ్‌ని నమ్మకండి. లండన్‌లో ట్యూబ్, రైలు ప్రయాణంలో ఒక వైపు ట్యాప్ లేకపోతే పడే గరిష్ఠ ఛార్జీ క్యాప్ లెక్కలోకి రాదు. మీరు ఎక్కడ దిగారో తెలియకుండా ఏ జోన్ల క్యాప్ కింద వేయాలి? అందుకని పక్కన పెడతారు. క్యాప్‌కి చేరాక కూడా అది విడిగా పడుతుంది. రోజు ఛార్జీ క్యాప్ కంటే ఎక్కువ కనిపించిందంటే మొదట అనుమానించాల్సింది ఇదే. ప్రయాణాల చరిత్రలో దిగిన స్టేషన్ ఖాళీగా కనిపిస్తే అక్కడ ఎక్కడ దిగారో నింపి రీఫండ్ అడగొచ్చు. సరిచేశాక అది మామూలు ప్రయాణమై క్యాప్‌లో కలుస్తుంది.

బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే. దిగేటప్పుడు అక్కర్లేదు.

గేటుబయట
మా ఊళ్ళో (లండన్ కాదు) నాకు ఇదే జరిగింది. గేటు తెరిచి ఉంది, జనం అందరూ అలాగే వెళ్ళిపోతున్నారు, నేనూ వెళ్ళాను. రెండు నెలల తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే ఆ వారం ఛార్జీ క్యాప్ దాటి ఉంది. అప్పటికి రీఫండ్ అడిగే గడువు అయిపోయిందన్నారు. అప్పటినుంచి గేటు బార్లా తెరిచి ఉన్నా రీడర్ మీద కార్డు పెట్టి బీప్ విన్నాకే కదులుతాను. వెనకాలవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ.

కంచిగరుడ
చూశారా, లెక్క వాళ్ళ దగ్గర ఉంటే ఇంతే. పాస్ అయితే ట్యాప్ మర్చిపోయినా చేతిలో పాస్ ఉంది అని చూపించొచ్చు.

గేటుబయట
అది మాత్రం ఒప్పుకుంటాను.

సందేహాలరావు
ఇంకొక్కటి అడిగి ఊరుకుంటాను. నా బ్యాంకు కార్డు ఈ నెలతో ఎక్స్‌పైర్ అవుతోంది, కొత్తది వచ్చేసింది. వారం మధ్యలో మారిస్తే అప్పటిదాకా కట్టింది పోతుందా?

నాలుగోజోన్
నంబరు అదే ఉంటే ఏమీ కాదు. కింద తేదీ మాత్రమే మారుతుంది.

తీరికలేని_తిరుగుబోతు
నంబరు అదే ఉన్నా కార్డు మారితే కొన్ని వ్యవస్థలు కొత్త కార్డుగానే చూస్తాయి. మేము రాసినదాంట్లో అలాగే ఉండేది, తేదీ కూడా కలిపి గుర్తుపట్టేవాళ్ళం.

పెన్సులపద్దు
ఊరిని బట్టి ఉంటుందేమో. సందేహాలరావు గారూ, పాత కార్డు నెలాఖరు దాకా పనిచేస్తుంది కదా. ఈ ఆదివారం దాకా దాన్నే ట్యాప్ చేయండి, సోమవారం పొద్దున నుంచి కొత్తది తీయండి.

సందేహాలరావు
పాతది నిన్న రాత్రే కత్తిరించి పారేశాను.

వల్లి_కె
ముక్కలు చెత్తబుట్టలోనే ఉంటే చిప్ ఉన్న ముక్క ఏదో చూడండి :)

తీరికలేని_తిరుగుబోతు
యాంటెన్నా కార్డు అంచుల చుట్టూ ఉంటుంది, కత్తిరిస్తే పనిచేయదు. ఇవాళ గురువారమే కాబట్టి పోయేది నాలుగు రోజుల తేడా. కొత్త కార్డుతో ట్యాప్ చేసి ఆదివారం స్టేట్‌మెంట్ ఇక్కడ పెట్టండి, కలిపారో లేదో మాకూ తెలుస్తుంది.